మధ్యలో ఒకే లోడ్ ఉన్న బీమ్: నేను 60 రాసిన చోట సున్నా ఎలా వస్తుంది

ప్రశ్న: పాలిటెక్నిక్ సెకండియర్ సివిల్ చదువుతున్నాను. సింప్లీ సపోర్టెడ్ బీమ్‌కి సరిగ్గా మధ్యలో ఒక పాయింట్ లోడ్ ఉంటే ఎస్‌ఎఫ్‌డీ, బీఎండీ ఎలా గీయాలి? ఎడమ సగం వస్తుంది. మధ్యలో షియర్ ఎంత రాయాలో తెలియట్లేదు, కుడి చివర మొమెంట్ సున్నా రావట్లేదు.

జవాబు:

నాకూ సరిగ్గా అక్కడే మార్కులు పోయాయి. డిప్లొమాలో ఒక స్లిప్ టెస్టులో కుడి సపోర్టు దగ్గర 60 అని రాసి, ముక్కోణం ఆ చివరిదాకా ఎక్కుతూనే ఉన్నట్టు గీసి ఇచ్చాను. మా సార్ పేపరు తిరిగిస్తూ ఒక్కటే అడిగారు: "గోడ మీద ఊరికే ఆనించిన దూలాన్ని ఆ చివర పట్టుకుని వంచేదెవరు?" ఆ ప్రశ్న గుర్తున్నంత కాలం ఆ తప్పు మళ్లీ చేయలేదు.

అప్పటి లెక్కే తీసుకుందాం. స్పాన్ 6 మీటర్లు, నడిమధ్యన 20 కిలోన్యూటన్ల లోడ్. షెడ్డులో రెండు గోడల మీద ఆనించిన ఐ సెక్షన్‌కి చైన్ బ్లాక్ తగిలించి, సుమారు రెండు టన్నుల మోటారు ఎత్తుతున్నారనుకోండి. లోడ్ మధ్యలో ఉంది కాబట్టి రెండు గోడలూ చెరి సగం మోస్తాయి: ఎడమ రియాక్షన్ 10, కుడి రియాక్షన్ 10. ఇక్కడిదాకా మీకు వచ్చినట్టే ఉంది.

ఇప్పుడు మీరు ఆగిపోయిన చోటికి వద్దాం. ఎడమ నుంచి 2.9 మీటర్ల దగ్గర బీమ్‌ని కోసి, ఎడమ ముక్కను మాత్రమే చూడండి. దాని మీద ఉన్నది పైకి తోసే 10 ఒక్కటే. అంటే షియర్ +10. ఇప్పుడు అదే కోతను 3.1 మీటర్లకు జరపండి. ఈసారి ఎడమ ముక్కలోకి లోడ్ కూడా వచ్చేసింది: 10 − 20, అంటే −10. ఈ మధ్యలో జరిగింది లోడ్‌ని దాటడం ఒక్కటే. అందుకే లోడ్ కింద ఎస్‌ఎఫ్‌డీలో నిట్టనిలువు గీత వస్తుంది, దాని పొడవు సరిగ్గా లోడ్ అంతే, 20. "మధ్యలో షియర్ ఎంత" అనే ప్రశ్నకు ఒకే అంకె జవాబు లేదు. లోడ్‌కి కాస్త ఎడమన +10, కాస్త కుడిన −10 అని రెండూ రాయండి. చాలామంది అక్కడ సున్నా అని ఒక్కటే రాసి, ఎడమ సపోర్టు నుంచి మధ్యకు ఏటవాలు గీత గీస్తారు. ఆ వాలు గీత యూడీఎల్‌ది, మనది కాదు. మనకు లోడ్‌కీ సపోర్టుకీ మధ్య బీమ్ మీద ఏమీ లేదు, కాబట్టి షియర్ మారడానికి కారణమే లేదు, గీత అడ్డంగానే సాగుతుంది. అంటే ఎస్‌ఎఫ్‌డీ మొత్తం రెండు దీర్ఘచతురస్రాలు, ఒకటి బేస్‌లైన్ పైన, ఒకటి కింద.

నిజానికి బయట ఏ లోడూ సూదిమొనంత చోట ఆనదు. చైన్ బ్లాక్ క్లాంపు 10 సెంటీమీటర్ల మేర పట్టుకుంటే, ఆ 10 సెంటీమీటర్లలో షియర్ +10 నుంచి −10కి నిజంగానే వాలుగా దిగుతుంది. మొమెంట్ మొన కూడా కొంచెం గుండ్రబడి 30కి బదులు 29.75 అవుతుంది. పరీక్షలో ఇదంతా రాయనక్కర్లేదు. నిలువు గీత ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుందని చెప్పాను.

ఇక మొమెంట్. ఎడమ సపోర్టు నుంచి x దూరంలో కోస్తే, లోడ్ రానంతవరకు లెక్క ఇంతే:

```
M = 10x                   (0 ≤ x ≤ 3)
M = 10x − 20(x − 3)       (3 ≤ x ≤ 6)
```

1 మీటరు దగ్గర 10, 2 దగ్గర 20, మధ్యలో 30 కిలోన్యూటన్ మీటర్లు. WL/4 ఫార్ములాలో వేసినా 20 × 6 / 4 = 30 వస్తుంది. నేను చేసిన తప్పల్లా మొదటి వరుసనే చివరిదాకా లాగడం. x స్థానంలో 6 పెడితే 60 వస్తుంది మరి! మీకూ సున్నా రాకపోవడానికి కారణం ఇదే అయ్యుంటుంది. లోడ్ దాటాక రెండో వరుస వాడాలి. 4 మీటర్ల దగ్గర చూడండి: 40లోంచి 20 × 1 తీసేస్తే 20. 6 దగ్గర: 60లోంచి 20 × 3 తీసేస్తే సున్నా.

నేనైతే ఆ రెండో వరుస జోలికే పోను. కుడి సగానికి కుడివైపు నుంచే లెక్కేస్తాను. 4 మీటర్ల దగ్గర కోస్తే కుడి సపోర్టు 2 మీటర్ల దూరంలో ఉంది, అక్కడి రియాక్షన్ 10, మొమెంట్ 20. అదే జవాబు, పొరపాటు పడే చోటు తక్కువ.

గీసేటప్పుడు ముందు బీమ్ బొమ్మ వేసి, రెండు సపోర్టుల నుంచీ లోడ్ నుంచీ కిందికి మూడు సన్న నిలువు గీతలు పేజీ చివరిదాకా లాగండి. 1 మీటరుకు 2 సెంటీమీటర్లు అనుకుంటే బేస్‌లైన్ 12 సెంటీమీటర్లు. మూడు బొమ్మలూ ఒకే వెడల్పులో, ఒకదాని కింద ఒకటి రావాలి. బీఎండీ మొన సరిగ్గా ఎస్‌ఎఫ్‌డీలో షియర్ గీత బేస్‌లైన్‌ని దాటే చోట పడాలి. అక్కడ పడలేదంటే ఎక్కడో తప్పింది. బీమ్ కిందికి వంగుతోంది కాబట్టి అది సాగింగ్ మొమెంట్. మన పాలిటెక్నిక్ పుస్తకాల్లో దాన్ని ప్లస్‌గా తీసుకుని బేస్‌లైన్ పైన గీయడం మామూలు. కొందరు డిజైన్ ఇంజినీర్లు టెన్షన్ వచ్చే వైపు, అంటే కింద గీస్తారు. రెండూ సరైనవే, మీ సార్ ఏది గీస్తే అది గీయండి, ప్లస్ గుర్తు మాత్రం మరవకండి.

పేపరు ఇచ్చే ముందు నేను ఒక్కటి చూసుకునేవాణ్ణి. ఎడమ దీర్ఘచతురస్రం వైశాల్యం 10 × 3 = 30, మొమెంట్ అంతే పెరగాలి. కుడిది −10 × 3 = −30, అంతే తగ్గాలి. రెండూ కలిపితే సున్నా, అందుకే బీఎండీ చివర బేస్‌లైన్ మీదికి వచ్చి మూసుకుంటుంది. షియర్ అడ్డంగా ఒకే విలువలో ఉంది కాబట్టి మొమెంట్ గీత స్కేలుతో గీసినంత తిన్నగా ఉండాలి. మీ బీఎండీ విల్లులా వంగిందంటే, తెలియకుండా యూడీఎల్ లెక్క వేసేశారన్నమాట.

"బీమ్ సొంత బరువు కూడా యూడీఎలే కదా" అని మీకు అనిపించవచ్చు. మీటరుకు 25 కిలోల ఐ సెక్షన్ అయితే wL²/8 ప్రకారం మధ్యలో దాదాపు 1.1 కిలోన్యూటన్ మీటర్లు కలుస్తుంది. 30 పక్కన అది చిన్నదే కాబట్టి లెక్కలో వదిలేయమంటారు. అదే చోట కాంక్రీట్ బీమ్ ఉంటే వదిలేయడం కుదరదు. 230 × 450 మిల్లీమీటర్ల బీమ్ మీటరుకు సుమారు 2.6 కిలోన్యూటన్లు తూగుతుంది, అంటే మధ్యలో 11.6 దాకా అదనం. అప్పుడు ముక్కోణం మీద ఒక పారాబొలా కూడా కూర్చుంటుంది.