కాదంటే ఏం చెయ్యాలో ముందే రాస్తున్నా

చిన్నా,

నిన్న రాత్రి ఫోనులో మీ చెల్లి నోరు జారింది. మీ ఆఫీసులో పనిచేసే అమ్మాయికి ఈ శుక్రవారం నీ మనసులో మాట చెప్పబోతున్నావట కదా. దాన్ని తిట్టకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. ఆ అమ్మాయి ఫొటోలు చాటుగా చూసుకుంటూ, ఎవరి చేతనో కబురు పంపిస్తూ ఏడాది గడిపెయ్యకుండా నేరుగా అడుగుదామనుకున్నావు చూడు, అది విని గర్వపడ్డాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

ఔనంటే నా ఉత్తరంతో నీకు పని లేదు. కాదంటే ఆ మొదటి నిమిషం, ఆ రాత్రి, ఆ తర్వాత వచ్చే రోజులు ఎలా గడపాలో నీ స్నేహితులెవరూ సరిగ్గా చెప్పరు. బ్యాంకులో ఆడవాళ్ళ వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీలో ఇన్నేళ్లు కూర్చున్న మేనత్తని, నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?

ముందు చిన్న సంగతులు. ఆ అమ్మాయి పనితీరుకు మార్కులు వేసేది నువ్వైతే అసలు అడగకు, ఎందుకంటే ఆమెకు కాదనే స్వేచ్ఛ ఉండదు. అది నువ్వు కాకపోతే ఆఫీసు అయ్యాక, నలుగురూ తిరిగే టీ కొట్టు లాంటి చోట, ఆమె ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్ళిపోగలిగే చోట చెప్పు. క్యాబ్‌లో వద్దు, నీ బండి మీద దింపుతూ అసలే వద్దు, మధ్యలో దిగిపోలేదు కదా. కానుకలు పట్టుకెళ్ళకు. చేతిలో వస్తువు పెట్టి అడిగితే కాదనడానికి ఆమె రెండు పనులు చెయ్యాలి, మాట కాదనాలి, వస్తువు తిరిగివ్వాలి. మూడు వాక్యాల్లో చెప్పు, చెప్పి ఊరుకో.

ఇప్పుడు అసలు సంగతి. మన ఆడపిల్లలు 'నాకు ఇష్టం లేదు' అని మొహం మీద అనడం అరుదు. అలా అంటే ఎదుటివాడు ఎలా మారిపోతాడోనన్న భయం ఒకటి, నొప్పించకూడదన్న పెంపకం ఒకటి. అందుకని కాదన్న మాట ఎప్పుడూ ఒక కారణం వెనక దాక్కుని వస్తుంది. ఔనన్న మాట చటుక్కున వస్తుంది, దానికి కారణం అక్కర్లేదు. కాదన్నది కాస్త ఆగి, 'అంటే...' అని మొదలై, నిన్ను పొగిడి, ఆ తర్వాత వస్తుంది. 'నువ్వు చాలా మంచివాడివి, కానీ' అంటే కాదనే. 'నిన్ను మంచి ఫ్రెండ్‌లాగే చూశాను' అంటే కాదనే. 'ఇప్పుడు అలాంటివేం ఆలోచించట్లేదు' అన్నదాంట్లో 'ఇప్పుడు' అనే మాటను పట్టుకుని వేలాడకు, అది మర్యాద కోసం వేసిన మాట. 'ఆలోచించి చెప్తా' అంటే మాత్రం ఆగు. ఆగడమంటే అడక్కుండా ఉండడం. వారం దాటినా ఆమె అంతట ఆమె ఆ మాట ఎత్తకపోతే జవాబు వచ్చేసినట్టే.

నాకు అన్నిటికంటే భయం వేసే జవాబు ఒకటుంది. 'మా ఇంట్లో ఒప్పుకోరు.'

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదువు. ఫైళ్లలోని పేర్లు, వివరాలు బయటపెట్టకూడదని చట్టంలోనే ఉంది, అందుకని ఎవరి కథా చెప్పను. మళ్ళీ మళ్ళీ ఒకేలా జరిగే వరస ఒకటి ఉంది, అది మాత్రం చెబుతాను.

అమ్మాయి 'మా నాన్నగారు ఒప్పుకోరు' అంటుంది. తన నోటితో కాదనకుండా, అబ్బాయి మనసు నొచ్చుకోకుండా, అక్కడ లేని మనిషి మీదకు నెట్టేస్తుంది. అబ్బాయి చెవిలో అది వేరేగా పడుతుంది. 'అంటే నేనంటే ఇష్టమే, అడ్డు వాళ్ళ నాన్నే' అనుకుంటాడు. అక్కడ తప్పు మొదలవుతుంది. జవాబును జవాబుగా కాక లెక్కగా తీసుకుని సాధించబోతాడు. 'నేనొచ్చి మాట్లాడతా' అంటాడు. ఆమె కంగారు పడి 'వద్దు వద్దు' అంటుంది. ఆ కంగారులో కూడా అతనికి ఇష్టమే కనిపిస్తుంది. 'సరే, ఇంట్లో ఒప్పుకుంటే నీకు ఓకేనా?' అని అడుగుతాడు. ఈ ప్రశ్నకు ఆమె దగ్గర మర్యాదైన జవాబు ఉండదు. ఔనంటే అబద్ధం, కాదంటే ఇందాక చెప్పింది అబద్ధమని తేలుతుంది. అందుకని ఏమీ అనదు. ఆ మౌనాన్ని అతను సగం ఔను కింద రాసుకుంటాడు.

ఆ రాత్రి పదకొండు దాటాక పొడుగాటి మెసేజ్ వెళ్తుంది. తన జీతం, సొంతిల్లు, తాగుడు లేదు, వాళ్ళ కులం మా కులం పట్టింపు మా ఇంట్లో లేదు, అన్నీ వరసగా. అందులో ఒక్క చెడ్డ మాట ఉండదు. అందుకే ఆ అబ్బాయికి చివరిదాకా తన తప్పు కనపడదు. కానీ ఆ అమ్మాయి వైపు నుంచి చూడు. ఒకసారి కష్టపడి కాదంది, ఇప్పుడు ఒక్కో పాయింటుకూ మళ్ళీ మళ్ళీ కాదనాలి. జవాబివ్వకపోతే పొద్దున్నే 'చదివావా?' వస్తుంది. తర్వాత ఇద్దరికీ తెలిసిన స్నేహితురాలు వచ్చి 'పాపం, ఒకసారి ఆలోచించొచ్చు కదా' అంటుంది. ఆమె లంచ్ టైము మార్చుకుంటుంది, తర్వాత నంబరు బ్లాక్ చేస్తుంది. అప్పుడు అతను ఫోన్ పేలోనో గూగుల్ పేలోనో ఒక్క రూపాయి వేసి దాని కింద 'సారీ, ఒక్కసారి మాట్లాడు' అని రాస్తాడు. ఆ రూపాయి స్క్రీన్‌షాట్ కమిటీ ముందుకొస్తుంది. దాన్ని పంపినవాడు తను బతిమాలాననుకుంటాడు, అందుకున్నదానికి తలుపు గడియ వేసినా కిటికీ లోంచి చెయ్యి వచ్చినట్టుంటుంది.

చట్టం గీత గీసేది కూడా దాదాపు అక్కడే. మర్యాదగా ఒకసారి అడిగి, కాదంటే ఆగిపోయినవాడి సంగతి వేరు. 2013లో వచ్చిన పనిచేసే చోటి లైంగిక వేధింపుల చట్టం చూసేది ఎదుటి మనిషికి ఇష్టం లేని ప్రవర్తనని. ఆడపిల్ల ఇష్టం లేదని స్పష్టంగా తెలియజేశాక కూడా చనువు కోసం పదే పదే వెంటపడితే, మెసేజ్‌లు పెడితే అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కిందికి వస్తుంది. మొదటిసారికే మూడేళ్ళ వరకూ జైలు. నిన్ను భయపెట్టడానికి రాయట్లేదు. ఆ రాత్రి నీ పక్కన కూర్చుని 'ట్రై చెయ్‌రా, అమ్మాయిలు మొదట అలాగే అంటారు' అనే స్నేహితుడు నీకుంటాడు, వాడి నోటికి అడ్డం పెట్టడానికి రాస్తున్నాను.

కాబట్టి 'ఇంట్లో ఒప్పుకోరు' అంటే 'నేను ఒప్పుకోను' అనే చదువుకో. నిజంగా ఇష్టం ఉండి ఇంటి భయం ఉన్న పిల్లయితే 'నాకు ఇష్టమే, ఇంట్లో ఎలా చెప్పాలో తెలియట్లేదు' అంటుంది. 'నాకు ఇష్టమే' అన్న ముక్క ఆమె నోట రాకపోతే దాన్ని నువ్వు కలుపుకోకు.

ఇక ఆ నిమిషం. కాదని వినగానే మొహం వేడెక్కుతుంది, గొంతు పట్టుకుంటుంది, ఏదో ఒకటి అనెయ్యాలనిపిస్తుంది. ఒక ఊపిరి తీసుకుని ఇంతే అను: 'సరే, అర్థమైంది. సూటిగా చెప్పినందుకు థాంక్స్. మళ్ళీ ఈ మాట ఎత్తను, నువ్వేం ఇబ్బంది పడకు.' ముందే రెండు మూడుసార్లు పైకి అనుకుని చూసుకో, లేకపోతే ఆ వేళకి నోరు తిరగదు. 'ఎందుకు?' అనకు. 'ఇంకెవరైనా ఉన్నారా?' అనకు. 'పర్లేదులే, నేనూ ఊరికే అడిగాను' అని కూడా అనకు, నీ మాటను నువ్వే చిన్నబుచ్చకు. అడిగినందుకు క్షమాపణ చెప్పనవసరం లేదు, అడగడం తప్పు కాదు. టీ సగంలో ఉంటే తాగు. ఆ తర్వాత 'నేను బయల్దేరతా' అని నువ్వే ముందు లే, ఎలా లేవాలా అన్న బాధ ఆమెకు పెట్టకు.

ఆ రాత్రి మెసేజ్ పెట్టొద్దు. 'ఇంటికి చేరావా' కూడా వద్దు. ఆమె చాట్‌ని ఆర్కైవ్‌లో పెట్టి, నోటిఫికేషన్ ఆపు. డీపీ తీసెయ్యకు, స్టేటస్‌లో విరహగీతాలు పెట్టకు. అవి నలుగురికీ పెట్టినట్టే ఉంటాయి గానీ ఎవరికోసమో ఆమెకు తెలుస్తుంది, అది కూడా మళ్ళీ అడగడమే. తనే 'నీకు బాధ కలిగిందా' అని మెసేజ్ పెడితే 'బాగానే ఉన్నాను, నువ్వేం కంగారు పడకు' అని ఒక్క వరస రాసి ఆపు. ఆ దయని తలుపు తెరిచినట్టు అనుకోకు.

సోమవారం ఆఫీసులో ఎప్పటిలాగే గుడ్ మార్నింగ్ చెప్పు, ముందెంత నవ్వేవాడివో అంతే నవ్వు. మొహం తిప్పుకుంటే శిక్ష వేసినట్టుంటుంది, మరీ హుషారుగా ఉంటే నాటకంలా ఉంటుంది. లంచ్‌కి మీరంతా కలిసి కూర్చునేవాళ్ళైతే నీ బల్ల నువ్వు మార్చకు, ఆమె మార్చుకుంటే వెంట వెళ్ళకు. పని మెయిల్ పనిలాగే వెళ్ళాలి, ఆమె ఫైలు ఒక్కరోజు కూడా నీ దగ్గర ఆగకూడదు. ఒక మూడు వారాలు పనికి మించి మాట నువ్వుగా మొదలుపెట్టకు. ఆ తర్వాత స్నేహం మిగిలితే మిగులుతుంది. మిగలకపోయినా ఆమె నీకేమీ బాకీ లేదు.

ఆఫీసులో ఎవరికీ చెప్పకు. నీ పరువు కంటే ఆమె పరువు కోసం. 'వాణ్ణి కాదందట' అన్న మాట ఒక బల్ల దాటేసరికి 'దానికి పొగరు' అయిపోతుంది. ఎవరైనా నీ ముందు అలా అంటే అక్కడే ఆపు, 'తనకి ఇష్టం లేదు, అంతే' అను.

నీకు ఏడేళ్ళప్పుడు సంక్రాంతికి గాలిపటం తెగిపోతే పక్కింటి గోడ దూకావు. మోకాలు చీరుకుపోయినా ఏడవలేదు, గాలిపటం తెచ్చేదాకా అన్నం ముట్టలేదు. ఆ పట్టుదల చూసి అందరం మురిసిపోయాం. అదే నాకు ఇప్పుడు దిగులు, బంగారం. ఇది అలా గోడ దూకి తెచ్చుకునేది కాదు.

ఏడుపొస్తే ఏడువు. మీ నాన్నకు చెప్పలేవని నాకు తెలుసు, వాడు ఇలాంటివి వినలేడు. శుక్రవారం రాత్రి ఏ జవాబొచ్చినా పదకొండు లోపు నాకు ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాను. ఆ అమ్మాయికి రాయాలనిపించిందంతా నాకు చెప్పు. ఎంత పొడుగైనా వింటాను.

మీ అత్త