పొటాషియం 5.4 నుంచి 3.2కి పడితే సంతోషించాలా, భయపడాలా?

ప్రశ్న: మేడమ్, నేను కాకినాడలో బీఎస్సీ నర్సింగ్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. ముందు నార్సెట్, తర్వాత ఎన్‌క్లెక్స్ రాయాలని ఉంది. ల్యాబ్ నార్మల్ వాల్యూస్ ఎన్నిసార్లు బట్టీ పట్టినా వారం తిరిగేసరికి కలగాపులగం అయిపోతున్నాయి. ఏ నెమోనిక్స్ పట్టుకోవాలి? ఇంకో సమస్య ఏంటంటే, విలువ తేడాగా ఉందని తెలిసినా "ముందు ఏం చేస్తారు" అని అడిగితే తప్పు ఆప్షన్ పెడుతున్నాను.

జవాబు: ముందుగా మీ నోట్‌బుక్‌లోని నలభై విలువల పట్టికను పక్కన పెట్టండి. ఒక్క జత అంకెలతో మొదలుపెడదాం: 35–45. మనలో అన్నదమ్ములకు ఇంటిపేరు ఒకటే ఉంటుంది, పేర్లు మారతాయి కదా. ఇక్కడ తిరగేసి చూడండి. పేరు ఒకటే, ముందున్న ఇంటిపేరే మారుతుంది. ఇంటిపేరు లేకుండా 35–45 అంటే ధమని రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం. ముందు 7 పెట్టి చుక్క పెడితే 7.35–7.45, అది పీహెచ్. ముందు 1 పెడితే 135–145, అది సోడియం. ఒక్క జత గుర్తుంటే మూడు విలువలు వచ్చేశాయి. బైకార్బొనేట్ మాత్రం ఈ ఇంట్లోది కాదు, 22–26. దాన్ని విడిగానే నేర్చుకోవాలి.

హిమోగ్లోబిన్‌కి మూడో ఎక్కం చాలు. ఎర్రకణాల సంఖ్యను మూడుతో హెచ్చిస్తే హిమోగ్లోబిన్, దాన్ని మళ్లీ మూడుతో హెచ్చిస్తే హిమటోక్రిట్ ఇంచుమించుగా వస్తాయి. నాలుగున్నర మిలియన్లుంటే పదమూడున్నర, ఆపైన నలభై. రిపోర్టులో ఈ లెక్క బాగా తప్పిందంటే కణాల పరిమాణంలో తేడా ఉండొచ్చు, శాంపిల్‌లోనే తప్పు ఉండొచ్చు. ఐరన్ లోపంలో కణాలు చిన్నవైపోతాయి కాబట్టి లెక్క కుదరదు. అంటే ఈ ఎక్కం గుర్తుపెట్టుకోవడానికే కాదు, రిపోర్టును అనుమానించడానికీ పనికొస్తుంది. నెమోనిక్ అంటే అలా ఉండాలని నా అభిప్రాయం. ఇంగ్లిష్ అక్షరాలు పేర్చి చేసే వాక్యాలు నాకు పెద్దగా నచ్చవు. వాక్యం గుర్తుంటుంది గానీ, ఏ అక్షరం దేనిదో పరీక్ష హాల్లో మర్చిపోతాం.

ఇక మీ రెండో సమస్యకు వస్తాను. దానికి పొటాషియం ఒక్కటి బాగా అర్థమైతే చాలు, మిగతావి దాని వెనకాలే వస్తాయి.

పొటాషియం నార్మల్ మూడున్నర నుంచి అయిదు. ఇంత ఇరుకు ఎందుకు? మన ఒంట్లోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. లోపల గాఢత సుమారు 140, బయట రక్తంలో 4. ల్యాబ్ మనకు చెప్పేది ఆ బయటి నాలుగు గురించే. గోదాం నిండా బియ్యం ఉంటే, గుమ్మం ముందు ఒలికిన గింజలు లెక్కపెట్టి గోదాం గురించి మాట్లాడుతున్నామన్నమాట. గింజలు ఎక్కువ కనపడ్డాయంటే గోదాం నిండి ఉందని కాదు, బస్తా చిరిగిందేమో. గింజలు తగ్గాయంటే గోదాం ఖాళీ అయిందని కూడా కాదు, ఎవరో లోపలికి ఊడ్చారేమో. పొటాషియంలో తేడా కనపడినప్పుడల్లా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఒంట్లోకి ఎక్కువ వచ్చిందా, మూత్రంలోనో విరేచనాల్లోనో పోయిందా, లేక కణం లోపలికీ బయటికీ జరిగిందా. విద్యార్థులు మొదటి రెండూ అడుగుతారు. మూడోది మర్చిపోతారు, పరీక్ష పెట్టేవాళ్లు పట్టుకునేదీ అక్కడే.

నాలుగో ప్రశ్న ఒకటుంది, అది వార్డులోనే నేర్చుకుంటాం. అసలు ఆ అంకె నిజమేనా? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి డ్యూటీలో రిపోర్టు వచ్చింది: పొటాషియం 8.9, కాల్షియం 4. గుండె ఆగిపోవాల్సిన అంకెలు. పరుగెత్తుకెళ్లి చూస్తే పేషెంట్ మంచం మీద కూర్చుని వాళ్లావిడతో పోట్లాడుతున్నాడు. ఈసీజీ మామూలుగానే ఉంది. తర్వాత తేలిందేమిటంటే, ఎర్రమూత ట్యూబులో రక్తం చాల్లేదని నాతోటి అమ్మాయి ఊదామూత ట్యూబులోంచి కొంచెం అందులో పోసింది. ఊదామూత ట్యూబులో ఉండేది పొటాషియం ఈడీటీఏ. ఆ పొటాషియం లెక్కలోకి వచ్చేసింది, ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసుకుంది. పొటాషియం విపరీతంగా ఎక్కువ, కాల్షియం విపరీతంగా తక్కువ, మనిషి మాత్రం బాగున్నాడంటే ముందు ట్యూబుల్ని అనుమానించాలని ఆ రాత్రి బుర్రకెక్కింది. కాల్షియం నార్మల్ 8.5–10.5 అని నేను ఏ నెమోనిక్కూ లేకుండా గుర్తుపెట్టుకున్నదీ అప్పుడే. సన్నని సూదితో గట్టిగా లాగినా, సిరంజి నుంచి ట్యూబులోకి బలంగా నెట్టినా కణాలు పగిలి పొటాషియం పెరుగుతుంది. ల్యాబ్ వాళ్లు "హీమోలైజ్డ్" అని రాసేది దానికే. టోర్నికే బిగించి, పిడికిలి పదేపదే మూసి తెరవమన్నా పెరుగుతుంది.

ఇప్పుడు నిజమైన తేడా ఎలా ఉంటుందో ఒక కేసులో చూద్దాం. క్లాసులో చెప్పడానికి నేను కట్టుకున్న కేసు ఇది. పంతొమ్మిదేళ్ల అమ్మాయి, టైప్ 1 డయాబెటిస్, 50 కిలోల బరువు. జ్వరమొచ్చి అన్నం తినడం లేదని రెండు రోజులు ఇన్సులిన్ మానేసింది. వాంతులు, గట్టిగా లోతైన ఊపిరి. గ్లూకోజ్ 486, పీహెచ్ 7.22, కార్బన్ డయాక్సైడ్ 20, బైకార్బొనేట్ 8, సోడియం 129, క్లోరైడ్ 95, పొటాషియం 5.4.

మన 35–45 కుటుంబాన్ని పిలవండి. పీహెచ్ తగ్గింది, కాబట్టి ఆమ్లం పెరిగింది. బైకార్బొనేట్ కూడా అదే దిక్కున తగ్గింది, కాబట్టి జబ్బు జీవక్రియలో ఉంది. కార్బన్ డయాక్సైడ్ తగ్గింది కదా, అదేమిటి? అది జబ్బు కాదు, ఒళ్లు చేస్తున్న వైద్యం. ఆ లోతైన ఊపిరితో ఆమ్లాన్ని బయటికి ఊదేస్తోంది. "రోమ్" అనే పాత నెమోనిక్ చెప్పేది ఇదే: ఊపిరితిత్తుల సమస్యైతే పీహెచ్, కార్బన్ డయాక్సైడ్ ఎదురెదురుగా కదులుతాయి, జీవక్రియ సమస్యైతే పీహెచ్, బైకార్బొనేట్ కలిసి కదులుతాయి. సోడియంలోంచి క్లోరైడ్, బైకార్బొనేట్ తీసేస్తే 26 మిగులుతుంది. అది మామూలుగా పన్నెండు లోపే ఉండాలి. ఆ ఎక్కువ వచ్చిన ఖాళీలో ఉన్నవే కీటోన్లు.

సోడియం 129 చూసి ఉప్పు తగ్గిందని కంగారు పడకండి. చక్కెర పెరిగి కణాల్లోంచి నీళ్లు రక్తంలోకి లాగింది, అందుకే సోడియం పలచబడింది. గ్లూకోజ్ 100 దాటిన ప్రతి వందకూ సోడియానికి 1.6 కలపమని లెక్క. ఇక్కడ సుమారు ఆరు కలిపితే 135. చక్కెర దిగితే దానంతటదే సర్దుకుంటుంది.

అసలు మెలిక పొటాషియం దగ్గరుంది. 5.4 చూసి "ఎక్కువ ఉంది, తగ్గించాలి" అని ఆప్షన్ పెట్టేవాళ్లు చాలామంది. కానీ ఆ అమ్మాయి గోదాం ఖాళీ. రెండు రోజులుగా మూత్రంలోనూ వాంతుల్లోనూ పొటాషియం పోతూనే ఉంది. ఇన్సులిన్ లేక, చక్కెర నీళ్లను లాగేయడం వల్ల, కొంత ఆమ్లం వల్ల కూడా, లోపల మిగిలినది బయటికొచ్చి గుమ్మంలో కనపడుతోందంతే. ఇప్పుడు సెలైన్, గంటకు కిలోకు 0.1 యూనిట్ చొప్పున అయిదు యూనిట్ల ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి ఊడ్చేస్తుంది.

రెండు గంటలకు పంపాల్సిన శాంపిల్ డ్యూటీ మారే హడావిడిలో పోలేదనుకోండి. నాలుగు గంటలకు వచ్చిన రిపోర్టు: గ్లూకోజ్ 290, పీహెచ్ 7.29, పొటాషియం 3.2. అమ్మాయి కాళ్లలో సత్తువ లేదంటోంది. మానిటర్‌లో టీ తరంగం చదునైంది, దాని వెనక చిన్న యూ తరంగం వచ్చింది. ముందు ఏం చేస్తారు?

చక్కెర ఇంకా 290 ఉంది కాబట్టి ఇన్సులిన్ కొనసాగించాలి అన్నది తప్పు జవాబు. చక్కెర 290తో గంట గడిచినా ప్రాణం పోదు. పొటాషియం ఇంకా పడితే గుండె లయ తప్పుతుంది. పాత మార్గదర్శకాలు 3.3 కంటే తక్కువైతే అన్నాయి, 2024 నాటివి 3.5 అంటున్నాయి, ఏది చూసినా 3.2 దగ్గర ఇన్సులిన్ ఆపి, డాక్టర్‌కి వెంటనే చెప్పి, ముందు పొటాషియం ఎక్కించాలి. అదీ మూత్రం వస్తోందో లేదో చూసి, సెలైన్‌లో కలిపి, పంపు మీద మాత్రమే. మన దగ్గర దొరికే పొటాషియం క్లోరైడ్ పది మిల్లీలీటర్ల ఆంపూల్‌లో 20 ఎంఈక్యూ ఉంటుంది. దాన్ని సిరంజితో నేరుగా నరంలోకి ఇచ్చే ఆప్షన్ ఏ ప్రశ్నలో కనపడినా, మిగతాది చదవకుండానే కొట్టేయండి. ఈ కేసులో అసలు తప్పు రెండు గంటల శాంపిల్ దగ్గర జరిగింది. అప్పటికి అయిదు లోపలికి వచ్చి ఉంటే అప్పుడే సెలైన్‌లో పొటాషియం కలపడం మొదలయ్యేది.

చూశారా, 5.4 నార్మల్ దాటింది, 3.2 నార్మల్ కంటే తక్కువ. రెండూ గీత నుంచి కొంచెమే తేడా. కానీ నాలుగు గంటల్లో రెండు పాయింట్లకు పైగా పడడమే అక్కడి వార్త. 2023 ఏప్రిల్ నుంచి ఎన్‌క్లెక్స్‌లో వస్తున్న కేస్ స్టడీలు పేషెంట్ విలువల్ని వేర్వేరు సమయాల్లో చూపించి అడుగుతున్నాయి. కాబట్టి ప్రాక్టీసులో "ఇది నార్మలా" అని కాకుండా "ఇది ఎటు వెళ్తోంది, మనిషి ఎలా ఉన్నాడు" అని చదవండి.

నార్సెట్‌కి, ఎన్‌క్లెక్స్‌కి గ్లూకోజ్ మిల్లీగ్రాముల్లోనే చదివితే సరిపోతుంది. తర్వాత ఎప్పుడైనా బ్రిటన్ వైపు మనసు పోతే అక్కడ మిల్లీమోల్స్. మన అంకెను 18తో భాగించాలి, ఈ అమ్మాయి 486 అక్కడ 27 అవుతుంది. సోడియం, పొటాషియం మాత్రం ఎక్కడికి వెళ్లినా ఇవే అంకెలు.

క్లినికల్ పోస్టింగ్‌లో రోజుకు ఒక్క కేస్ షీట్ తీసుకోండి. రిపోర్టులు మూడు రోజులవి వరసగా రాసుకుని, పక్కన ఆ రోజు ఇచ్చిన మందులు రాయండి. ఫ్రూసెమైడ్ మొదలైన రోజు తర్వాత పొటాషియం ఎటు కదిలిందో మొదటి వారంలోనే మీకు కనపడుతుంది.