ప్లస్, మైనస్ లెక్కలో (S+T)/2 ఎక్కడిది?

ప్రతి సంఖ్య ముందు + గానీ − గానీ పెట్టి టార్గెట్ T రాబట్టే పద్ధతులు ఎన్నో లెక్కపెట్టమంటే, అందరూ (S+T)/2 అంటారేంటి?

ప్లస్ పడిన సంఖ్యల మొత్తం కచ్చితంగా అంతే కావాలి, అందుకే ఆ మొత్తం వచ్చే ఉపసమితులను లెక్కపెడితే చాలు. ప్లస్ గుంపు మొత్తం P, మైనస్ గుంపుది N, అన్నీ కలిపితే S అనుకోండి. P+N=S, P−N=T. రెండూ కూడితే 2P=S+T. ప్లస్ గుంపు తేలిందంటే మిగిలినవన్నీ మైనస్‌లోకే పోతాయి, వేరే దారి లేదు.

1, 2, 2, 3తో 2 రాబట్టాలి. S=8, కాబట్టి P=5. మొదటి 2తో 3, రెండో 2తో 3, లేదా 1, 2, 2: మొత్తం మూడు పద్ధతులు. రెండు 2లూ విలువకు ఒకటే అయినా స్థానాలు వేరు, విడిగానే లెక్క.

ఎక్కువమంది బోల్తాపడేది భాగహారం దగ్గర. ఇక్కడే T=3 అయితే S+T=11, బేసి; జవాబు సున్నా. కానీ కోడ్‌లో `11 // 2` రాస్తే 5 వచ్చి, తప్పుగా మళ్లీ 3 చూపిస్తుంది. భాగించే ముందే సరి, బేసి చూడాలి. జాబితాలో 0 ఉంటే దాన్ని వదిలేయకూడదు: +0, −0 వేర్వేరు పద్ధతులే, ఒక్కో సున్నా జవాబును రెట్టింపు చేస్తుంది.