ఇంజనీరింగ్ మేనేజర్ ఇంటర్వ్యూ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి బాగానే ఉందనిపించింది. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివితే "చేయడం జరిగింది", "నిర్ణయించడం జరిగింది" అన్నవి పద్నాలుగు చోట్ల కనిపించాయి. ఎవరు చేశారు? ఎవరు నిర్ణయించారు? ఇంజనీరింగ్ మేనేజర్ ఇంటర్వ్యూలో అవతలి మనిషి తెలుసుకోవాలనుకునేది అదొక్కటే, నువ్వేమో అదొక్కటే దాచిపెట్టావు. తెలుగులో కర్త లేకుండా వాక్యం ఎంత దూరమైనా నడుస్తుంది కాబట్టి రాసేవాడికి ఇది కనిపించదు. "మా టీమ్ చేసింది" అని చెప్పే అభ్యర్థులను నేను బల్లకు ఇవతల కూర్చుని చాలామందిని చూశాను. "మరి మీరేం చేశారు" అని అడగ్గానే మాట తడబడేది.

ఉద్యోగంలోకి ఎలా తీసుకుంటావన్న ప్రశ్నకు నువ్వు రాసిన జవాబు ఏ కంపెనీ హెచ్ఆర్ పేజీలోనైనా దొరుకుతుంది. ఒక మనిషిని చూపించు. నా దగ్గరైతే ఒక కుర్రాడున్నాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంగ్లీషులో మాట్లాడాలంటే చెమటలు పట్టేవి, కోడ్ మాత్రం శుభ్రంగా రాశాడు. మా దగ్గర ఒక నియమం ఉండేది: ఇంటర్వ్యూ చేసిన నలుగురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి అభిప్రాయం వాళ్ళు రాసి పెట్టాలి, పక్కన అభ్యర్థి ఏమన్నాడో, ఏం చేశాడో ఒక్క ఉదాహరణైనా ఉండాలి. మీటింగ్‌లో అందరికంటే సీనియర్ మొదలుపెడుతూనే "కమ్యూనికేషన్ వీక్" అన్నాడు. రాతల్లో చూస్తే ముగ్గురు తీసుకోమనే రాశారు, ఆ సీనియర్ కూడా కోడ్‌కి మంచి మార్కులే వేశాడు. ఆ కాగితాలే లేకపోతే అందరూ తలూపి ఉండేవాళ్ళు, నేనూ ఊపేవాణ్ణేమో. ఇది రాస్తే నియమం ఎందుకు పెట్టావో వేరే చెప్పక్కర్లేదు. అన్నట్టు, మన దగ్గర తొంభై రోజుల నోటీసు పీరియడ్‌లో ఆఫర్ తీసుకున్నవాళ్ళు జారిపోవడం మామూలే కదా, దాని గురించి నీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. ఆ మూడు నెలలూ పదిహేను రోజులకోసారి ఫోన్ చేశావా లేదా, అదీ హైరింగే.

చేదు మాట చెప్పడం గురించి రాసిన భాగంలో నువ్వు మరీ మంచివాడివైపోయావు. నువ్వు చెప్పావు, అతను విన్నాడు, మారిపోయాడు! అలా జరగదయ్యా. మా టీమ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు, పని రాక్షసుడు, కోడ్ రివ్యూల్లో మాత్రం జూనియర్లను చీల్చి చెండాడేవాడు. నేను రెండు నెలలు నానబెట్టాను. తర్వాత చెప్పాను కానీ ముందూ వెనకా పొగడ్తలు పెట్టి చెప్పాను, అతను థాంక్స్ చెప్పి సంతోషంగా వెళ్ళిపోయాడు. తప్పు నాదే. రెండోసారి గదిలో కూర్చోగానే చెప్పాను: "మంగళవారం ఆ అమ్మాయి కోడ్ మీద 'ఇది చదవడానికే చిరాకుగా ఉంది' అని రాశారు. ఆ రోజు నుంచి ఆమె తన కోడ్ ఒక్కటి కూడా మీకు పంపలేదు, వేరేవాళ్ళ కోసం రెండేసి రోజులు ఆగుతోంది." ఎప్పుడు, ఏం చేశాడు, దానివల్ల ఏమైంది, అంతే. "మీ స్వభావం" అన్న మాట ఎత్తలేదు. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకూ ఇలాగే నేర్పారండీ" అన్నాడు. ఆ వాక్యం నాకిప్పటికీ గుర్తుంది. నీ కథలో అవతలి మనిషి అన్న మాట ఒక్కటీ లేదు, అందుకే నమ్మబుద్ధి కావడం లేదు. మా కథకి ముగింపు కూడా అంత గొప్పదేం కాదు. రివ్యూల్లో భాష మారింది, ఆ అమ్మాయి మాత్రం చాలాకాలం అతనికి కోడ్ పంపలేదు. ఇంటర్వ్యూలో ఇది కూడా చెప్పేయాలి.

ఇక అసలు సంగతి. ప్రాధాన్యాలు మారుతుంటే టీమ్‌ని కాపాడటం అనగానే నువ్వు గొడుగు పోలిక తెచ్చావు, అది తీసెయ్. ఆ స్థానంలో ఏం మారింది, ఏ తేదీన మారింది, నువ్వేం బేరమాడావు, ఆ బేరంలో ఏం పోయింది, ఇవి రాయి. నాకు తెలిసిన ఉదాహరణ కార్డు టోకెన్లది. షాపింగ్ సైట్లు కస్టమర్ల కార్డు నంబర్లు దాచుకోకూడదని, వాటి బదులు కార్డు నెట్‌వర్క్ ఇచ్చే టోకెన్ వాడాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. గడువు 2021 డిసెంబర్ 31. అప్పుడు నేను చూసే పేమెంట్స్ టీమ్‌లో ఆరుగురు, అందరూ దాని మీదే ఉన్నారు. డిసెంబర్ 23న గడువు ఆరు నెలలు పొడిగించారు. మర్నాడు పొద్దున్నే పైనుంచి మాట వచ్చింది: టైమ్ దొరికింది కదా, నలుగురిని కొత్త సంవత్సరం ఆఫర్ల పనికి ఇచ్చెయ్యి.

ఇక్కడ "కుదరదు" అంటే కాపాడినట్టు కాదు, వాళ్ళ అవసరం కూడా నిజమే. నేను ముందు టీమ్‌తో కూర్చుని సగంలో ఉన్నవేంటో చూశాను. మూడు పనులు సగంలో ఉన్నాయి, వాటిలో రెండు ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డవి. వాటిని అలాగే వదిలేస్తే ఏప్రిల్లో మళ్ళీ తెరిచినప్పుడు ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకోవడానికి, ఈలోపు మారిన కోడ్‌తో కలపడానికే మూడు వారాలు పోతాయని లెక్క తేలింది. ఒక పేజీలో రెండు దారులు రాసి పంపాను. ఈరోజే నలుగురిని ఇస్తే తర్వాత మూడు వారాల ఖర్చు. నాలుగు రోజులు ఆగితే ఒక నెట్‌వర్క్‌కి టోకెన్ పూర్తిగా పనిచేసేలా చేసి, కస్టమర్లకు ఇంకా కనిపించకుండా ఫ్లాగ్ వెనక ఆపి ఉంచి, ఆ తర్వాత నలుగురినీ పంపిస్తాను, ఇద్దరు ఇక్కడే ఉంటారు. వాళ్ళు రెండోదే ఎంచుకున్నారు. ఆఫర్ల పేజీ నాలుగు రోజులు ఆలస్యమైంది, సేల్స్ వాళ్ళు వారం రోజులు నా మీద గుర్రుగా ఉన్నారు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు తప్పకుండా అడిగేది దీన్ని గురించే: దానికి బదులు ఏం పోయింది? "ఏమీ పోలేదు" అని రాశావంటే నువ్వు బేరం ఆడనట్టే. గడువు తర్వాత ఇంకోసారి, 2022 సెప్టెంబర్ 30కి జరిగింది. అప్పటికి మా దగ్గర మిగిలింది పాత కార్డుల్ని చెరిపేయడమే కాబట్టి ఎవర్నీ కదపాల్సి రాలేదు.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. ఆ డిసెంబర్‌లో పైవాళ్ళ జవాబు వచ్చేదాకా టెన్షన్ ఎందుకులే అని టీమ్‌తో "మనకేం మారలేదు, పని చేసుకోండి" అన్నాను. వాళ్ళు రాత్రే ఫోన్లలో వార్త చదివేశారు. లంచ్‌లో ఒకతను "మాకు తెలియదనుకుంటున్నారా సార్" అని నవ్వుతూనే అడిగాడు, నాకు అన్నం దిగలేదు. అప్పటినుంచి ఏం మారింది, ఏం మారలేదు, మిగతాది ఎప్పటికి తెలుస్తుంది, ఈ మూడూ తెలిసిన రోజే చెప్పడం మొదలుపెట్టాను.

నీ వ్యాసంలో మూడో కథ, అదే బుధవారం మధ్యాహ్నం కస్టమర్ కోసం రిపోర్టు అడిగిన కథ, ముడిసరుకు బాగుంది. శుక్రవారం గడువు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని నువ్వు ఆరోజు అడిగావా? అడిగితే ఏం జవాబు వచ్చిందో రాయి. అడగకపోతే, అడగలేదని రాయి. ఆదివారం లోపు ఆ ఒక్క భాగం తిరగరాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ఇట్లు,
అన్నయ్య