‘అహింసా పరమో ధర్మః’ తర్వాత ఏముందో చూసుకుని మాట్లాడు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

గాంధీ జయంతి సభలో ఈ శ్లోకం మీద మాట్లాడతానని రాశావు. ‘అహింసా పరమో ధర్మః, ధర్మహింసా తథైవ చ’, అంటే ధర్మం కోసం చేసే హింసా అలాంటిదే అన్నది పూర్తి పాఠమనీ, రెండో సగాన్ని కావాలని దాచారనీ చెప్పబోతున్నావు. ఆ మాట చెప్పకు. పుణె భండార్కర్ సంస్థ ఎన్నో చేతిరాత ప్రతులు పోల్చి మహాభారతానికి సంశోధిత ప్రతి తయారుచేసింది. అందులో ఆ రెండో పాదం ఎక్కడా లేదు.

మొదటి పాదం మాత్రం ఒకచోట కాదు, చాలాచోట్ల ఉంది. ప్రతిచోటా దాని తర్వాత వచ్చేది వేరు. అనుశాసన పర్వంలో అంపశయ్య మీదున్న భీష్ముడు మాంసం మానడం గురించి ధర్మరాజుకు చెబుతూ ఇలా అంటాడు (సంశోధిత ప్రతిలో 117వ అధ్యాయం, మిగతా ముద్రణల్లో అంకె మారుతుంది):

అహింసా పరమో ధర్మస్తథాహింసా పరో దమః ।
అహింసా పరమం దానమహింసా పరమం తపః ॥

అహింసే గొప్ప ధర్మం, గొప్ప ఇంద్రియనిగ్రహం, గొప్ప దానం, గొప్ప తపస్సు అని. తర్వాతి శ్లోకంలో యజ్ఞం, బలం, మిత్రుడు, సుఖం కూడా అదే అంటాడు. అరణ్య పర్వంలో ధర్మవ్యాధుడు కౌశికుడితో ‘అహింసా పరమో ధర్మః స చ సత్యే ప్రతిష్ఠితః’ అంటాడు. ఆ ధర్మం సత్యం మీద నిలిచి ఉందని అర్థం. మాంసం అమ్ముకుని బతికే మనిషి నోట ఆ మాట రావడం గమనించు.

నీ సభకు అన్నిటికంటే పనికొచ్చేది ఆది పర్వం 11వ అధ్యాయం. భార్య ప్రమద్వరను పాము కరిచిందన్న కోపంతో రురుడు కనబడ్డ పామునల్లా చంపుతుంటాడు. ఒకరోజు డుండుభం అనే విషం లేని పాము మీద కర్ర ఎత్తుతాడు. శాపవశాన పామైన ఋషి అది. బ్రాహ్మణుడైన రురుడితో ఇలా అంటుంది:

అహింసా పరమో ధర్మః సర్వప్రాణభృతాం స్మృతః ।
తస్మాత్ ప్రాణభృతః సర్వాన్ న హింస్యాద్ బ్రాహ్మణః క్వచిత్ ॥

అందువల్ల బ్రాహ్మణుడు ఏ ప్రాణినీ ఎప్పుడూ హింసించకూడదని. అక్కడితో ఆగదు. క్షత్రియుడి ధర్మం వేరు, అది నీకు తగదు అని చెప్పి, ఆ ధర్మమేమిటో కూడా చెబుతుంది: ‘దండధారణముగ్రత్వం ప్రజానాం పరిపాలనమ్’. దండం పట్టడం, ఉగ్రంగా ఉండడం, ప్రజలను పాలించడం. నువ్వు ‘ధర్మహింస’ అని వెతుకుతున్నది ఇదే. ఎవరికి, ఏ పనికి అన్న హద్దుతో సహా ఉంది. యుద్ధం సంగతే చెప్పాలనుకుంటే గీత రెండో అధ్యాయం 31వ శ్లోకం చెప్పు: ‘ధర్మ్యాద్ధి యుద్ధాచ్ఛ్రేయోఽన్యత్ క్షత్రియస్య న విద్యతే’. క్షత్రియుడికి ధర్మయుద్ధం కంటే మేలైనది మరొకటి లేదని. ఇన్ని అసలు పాఠాలుండగా అతుకు దేనికి?

మరి అంతా సగమే ఎందుకు అంటారంటావా? ఈ శ్లోకాల ఛందస్సు అనుష్టుప్పు. దానికి నాలుగు పాదాలు, పాదానికి ఎనిమిది అక్షరాలు. ఈ మొదటి పాదం ఒక్కటే పూర్తి వాక్యం, కర్తా ఉంది, చెప్పేదీ ఉంది. దాన్ని విడిగా తీసినా అర్థం తెగదు. పైగా వెనకాల వచ్చేది చోటుచోటుకీ మారుతుంటే జనం నోట నిలిచేది మారని పాదమే కదా.

అతికిన పాదం ఎందుకు నమ్మించిందో కూడా చూడు. ఎనిమిది అక్షరాలూ సరిగ్గా ఉన్నాయి, అయిదోది లఘువు, ఆరోది గురువు, ఏడోది లఘువు. ఛందస్సు ఎక్కడా తప్పలేదు. ‘తథైవ చ’ పురాణ శ్లోకాల చివర మామూలుగా వచ్చే ముక్కే. పట్టుబడేది సంధి దగ్గర. ఒకే అర్ధశ్లోకంలోని రెండు పాదాల మధ్య సంధి చేస్తారు. ‘ధర్మః’ పక్కన ‘ధర్మ’ వస్తే ‘ధర్మో ధర్మహింసా’ కావాలి. జనం అనేదాంట్లో విసర్గ అలాగే మిగిలిపోయింది. భీష్ముడి శ్లోకంలో ‘తథా’ ముందు అది ‘ధర్మస్తథా’గా మారింది చూశావా. స, శ లాంటివి తర్వాత వస్తే విసర్గ మారకపోవచ్చు. అందుకే డుండుభం మాటలో ‘ధర్మః సర్వ’ అని ఉన్నా తప్పులేదు. సంధి లేనంతమాత్రాన ప్రక్షిప్తమని తేల్చకు, అది అనుమానానికి ఆధారం మాత్రమే. తేల్చాల్సింది గ్రంథంలో వెతికే.

వెతికేటప్పుడు ‘అహింసా పరమో’ వరకే ఇవ్వు. ‘ధర్మః’ అని విసర్గతో ఇస్తే భీష్ముడి శ్లోకం దొరకదు. దొరికాక ముందు పది, వెనక పది శ్లోకాలు చదువు. ఎవరు ఎవరితో అన్నారో రాసుకో. కవిత్రయ భారతంలో ఈ పోలిక చూడొద్దు, అది శ్లోకానికి శ్లోకం చేసిన అనువాదం కాదు. పక్కన సంస్కృత మూలం ఉన్న ప్రతి తీసుకో. సభలో పర్వం, అధ్యాయం చెప్పాక ఏ ముద్రణో కూడా చెప్పు. లేకపోతే ఇంటికెళ్లి చూసినవాడికి ఆ అంకె దగ్గర మరో శ్లోకం కనబడుతుంది.

ఇట్లు,
మీ మామయ్య