హోటల్ ప్యాకేజీకి ట్రావెల్ ఇన్సూరెన్స్: ఏ కారణానికి డబ్బు వస్తుంది, ఏ కారణానికి రాదు

ప్రశ్న: మొదటిసారి విదేశం వెళ్తున్నాం. అమ్మానాన్నలతో కలిసి ముగ్గురం, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్–క్రాబి హోటల్ ప్యాకేజీ. నాన్నగారికి 63 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. ఏజెంటు "ఇన్సూరెన్స్ కూడా ఉంది" అంటున్నాడు. అది చాలా? ఏమైనా అయితే హోటల్ డబ్బు వెనక్కి వస్తుందా? వేటికి ఇవ్వరు?

జవాబు:

ముందు ఏజెంటును పాలసీ సర్టిఫికెట్ అడగండి. అందులో ముగ్గురి పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, ప్రయాణ తేదీలు, ఒక్కో కవర్‌కు డాలర్లలో పరిమితి రాసి ఉండాలి. ఆ కాగితం చూపించలేకపోతే ఇన్సూరెన్స్ లేనట్టే లెక్క వేసుకోండి. ఉన్నా, ప్యాకేజీతో ఇచ్చేవి చాలావరకు తక్కువ రకం ప్లాన్లు. ఆస్పత్రి ఖర్చుకు పరిమితి ఉంటుంది గాని ప్రయాణం రద్దైతే ఇచ్చే కవర్ ఉండకపోవచ్చు. మీరు అడిగిన హోటల్ డబ్బు సంగతి ఆ రెండో కవర్‌ది.

ఎక్కువమంది పొరపడేది కొనే సమయం దగ్గర. ఆస్పత్రి కవర్ మీరు దేశం దాటినప్పుడు మొదలవుతుంది. రద్దు కవర్ మాత్రం సాధారణంగా పాలసీ తీసుకున్న రోజు నుంచి విమానం ఎక్కేదాకా నడుస్తుంది. విమానం ముందు రోజు రాత్రి కొంటే ఆ కవర్‌కు డబ్బు కట్టి కూడా ఒక్క రోజే వాడుకున్నట్టు. పైగా కొనేనాటికే మొదలైన జ్వరానికి, ముందే తెలిసిన ఆపరేషన్‌కు క్లెయిమ్ నడవదు. అందుకే ప్యాకేజీ అడ్వాన్స్ కట్టిన రోజే పాలసీ తీసుకోండి.

రద్దు కవర్ ఎలా పనిచేస్తుందో మీ ప్యాకేజీ మీదే చూద్దాం. మనిషికి 80,000 రూపాయలు అనుకుందాం. పది రోజుల ముందు నాన్నగారికి డెంగీ వచ్చి ఆస్పత్రిలో చేరారు. పదిహేను రోజుల లోపు రద్దు చేస్తే సగం పట్టుకుంటామని ఏజెంటు షరతుల్లో ఉంది. అంటే మనిషికి 40,000 పోయింది. ఇన్సూరెన్స్ చూసేది ఆ 40,000నే, మొత్తం 80,000ను కాదు, ఎందుకంటే మిగతా సగం ఏజెంటే వెనక్కి ఇస్తాడు. పాలసీలో రద్దు పరిమితి 500 డాలర్లు, మీరు భరించాల్సిన మొదటి భాగం (డిడక్టిబుల్ అంటారు) 50 డాలర్లు అనుకోండి. డాలరు 90 రూపాయల లెక్కన పరిమితి 45,000, డిడక్టిబుల్ 4,500. మనిషికి 35,500 వస్తుంది. విమానం టికెట్లు వేరుగా కొని ఉంటే వాటి నష్టం కూడా ఈ 45,000 లోపే సర్దుకోవాలి. ఒక్కోదానికి వేరే పరిమితి ఉండదు.

ఇక్కడ కారణమే అన్నీ తేలుస్తుంది. పాలసీలో రాసిన కారణాల జాబితా చిన్నది: మీరు గాని, దగ్గరి కుటుంబ సభ్యులు గాని ఆస్పత్రిలో చేరడం, మరణం, ఇలాంటివి కొన్ని. ఆఫీసులో సెలవు ఇవ్వకపోవడం, వీసా రాకపోవడం, వర్షాలని భయపడటం, మనసు మార్చుకోవడం సాధారణంగా ఆ జాబితాలో ఉండవు. ఆ ఆస్పత్రి కారణం కూడా పాత షుగర్ వల్ల వచ్చినదైతే మామూలు ప్లాన్‌లో తిరస్కరిస్తారు. డెంగీకి వచ్చే డబ్బు షుగర్ పడిపోయి చేరితే రాకపోవచ్చు, రెండింటికీ బిల్లు ఒకటే అయినా.

నాన్నగారి విషయంలో నేను ఎక్కువగా హెచ్చరించేది ఇదే. ప్రపోజల్ ఫారంలో షుగర్, బీపీ, వాడే మందులు తప్పకుండా రాయండి. రాస్తే ప్రీమియం పెరుగుతుందని దాచేవాళ్లు చాలామంది. క్లెయిమ్ వచ్చినప్పుడు ఆస్పత్రి రికార్డులో "పదేళ్లుగా షుగర్" అని డాక్టరు రాస్తాడు, దాచిన సంగతి అక్కడే బయటపడుతుంది. అప్పుడు మొత్తం క్లెయిమ్ పోవచ్చు. మామూలు ప్లాన్లలో పాత జబ్బుకు ప్రాణాపాయం ఉన్నప్పుడు, పరిస్థితి కుదుటపడేవరకే ఖర్చు ఇస్తారు. పాత జబ్బుల కవర్ ఉన్న ప్లాన్ అడిగి, దాని పరిమితి ఎంతో చూడండి. 60 దాటినవాళ్ల పాలసీల్లో ఇంకో మెలిక ఉంటుంది. పైన 50,000 డాలర్లు అని కనిపించినా, లోపల గది అద్దెకు, ఐసీయూకు, సర్జన్ ఫీజుకు వేరువేరు పరిమితులు పెడతారు. ఆ లోపలి పరిమితులు లేని ప్లాన్ దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి.

డిడక్టిబుల్ ఆస్పత్రి కవర్‌కూ ఉంటుంది, తరచుగా 100 డాలర్లు. అందుకే జ్వరానికి క్లినిక్‌లో 3,000 బాత్ కడితే, అది దాదాపు ఆ 100 డాలర్ల లోపే కాబట్టి, తిరిగి ఏమీ రాదు. పెద్ద ఖర్చుకే ఈ పాలసీ. చేర్చాల్సి వస్తే పాలసీ మీద ఉన్న సహాయ నంబరుకు వెంటనే ఫోన్ చేయండి. వాళ్లు ఆస్పత్రితో మాట్లాడితే నేరుగా కడతారు. చెప్పకుండా చేరితే ముందు మీరే కట్టి, ఇంటికొచ్చాక కాగితాలు పెట్టాలి. నంబరు ముగ్గురి ఫోన్లలోనూ ఉంచండి.

ఫుకెట్‌లో క్లెయిములు పోగొట్టేది స్కూటర్. అక్కడ అద్దె బండి ఎవరికైనా ఇచ్చేస్తారు. మీ లైసెన్సులో మోటార్ సైకిల్ అనుమతి ఉండాలి, దానితోపాటు ఇక్కడి ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. కారు లైసెన్సు మాత్రమే ఉన్నవాళ్లు పడితే ఆస్పత్రి బిల్లు మొత్తం వాళ్లదే. హెల్మెట్ లేకపోవడం, తాగి ఉండటం కూడా అంతే. పారాసెయిలింగ్, స్కూబా లాంటివి మామూలు ప్లాన్‌లో మినహాయింపుల కింద ఉంటాయి. చేయాలనుకుంటే సాహస క్రీడల అదనపు కవర్ ముందే తీసుకోవాలి. బీచ్‌కు వెళ్లి అక్కడ కొనడం కుదరదు.

సామాను సంగతి తక్కువే. విమానంలో వేసిన బ్యాగ్ రాకపోతే ఎయిర్‌పోర్టు దాటేలోపే ఎయిర్‌లైన్ కౌంటర్లో రాతపూర్వక రిపోర్టు తీసుకోండి, అది లేకుండా క్లెయిమ్ లేదు. హోటల్ గదిలో పోయిన నగలు, నగదు చాలా ప్లాన్లలో రావు. పాస్‌పోర్టు పోతే అక్కడి పోలీసు రిపోర్టు కావాలి.

రద్దు క్లెయిముకు నాలుగు కాగితాలు కీలకం: ప్రయాణం చేయకూడదని తేదీతో డాక్టరు రాసిన ఉత్తరం, డిశ్చార్జి సమ్మరీ, మీరు కట్టిన రసీదులు, ఏజెంటు ఎంత పట్టుకున్నాడో చూపే రద్దు బిల్లు. చివరిది ఇవ్వడానికి ఏజెంట్లు ఆలస్యం చేస్తారు. రద్దు చేసిన రోజే ఈమెయిల్లో అడగండి. క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాసివ్వమనండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. తిరస్కరణ జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి.