పరిశోధన పత్రాన్ని సమీక్షించేటప్పుడు తప్పును ఏ మాటల్లో చెప్పాలి?

ప్రశ్న: ఒక పత్రిక నుంచి మొదటిసారి నాకు పరిశోధన పత్రం సమీక్షకు వచ్చింది. విశ్లేషణలో పెద్ద తప్పే ఉంది. ఉన్నదున్నట్టు రాస్తే తిట్టినట్టు ఉంటోంది, మెత్తగా రాస్తే అసలు విషయం జారిపోతోంది. ఎలా రాయాలి?

జవాబు: నేను రాసిన తొలి సమీక్షను సంపాదకురాలు వెనక్కి పంపారు. అందులో నా ప్రధాన అభ్యంతరమంతా ఒకే వాక్యం: "రచయితలకు గణాంకశాస్త్రంలో ప్రాథమిక విషయాలు తెలిసినట్టు లేదు." దాని పక్కన ఆమె రెండే ప్రశ్నలు రాశారు. "ఏ పట్టికలో? ఇప్పుడు వాళ్లు ఏం చేయాలి?" రెండింటికీ నా దగ్గర జవాబు ఉంది. తప్పు దొరికిందన్న ఉత్సాహంలో తీర్పు మాత్రం రాసి, సాక్ష్యాన్ని నా దగ్గరే అట్టిపెట్టుకున్నాను.

పత్రంలో ఉన్నది ఇది. రెండు బోధన పద్ధతులు, ఒక్కో బృందంలో 30 మంది విద్యార్థులు, పాఠాలకు ముందొక పరీక్ష, తర్వాత ఒక పరీక్ష. కొత్త పద్ధతిలో చదివినవారి సగటు 5 మార్కులు పెరిగింది, పి విలువ 0.03. పాత పద్ధతిలో 4 మార్కులు పెరిగింది, పి విలువ 0.08. ఒకటి 0.05 గీతకు ఇవతల, మరొకటి అవతల పడింది కాబట్టి కొత్త పద్ధతే మేలని తేల్చేశారు. నిజానికి రెండు పద్ధతుల మధ్య తేడా ఒక్క మార్కు. ఆ ఒక్క మార్కును ఎక్కడా పరీక్షించలేదు. ఇది చేయి తిరిగిన పరిశోధకుల పత్రాల్లోనూ కనిపించే పొరపాటే. అంటే నా వాక్యం కటువుగా ఉండటమే కాదు, బహుశా అబద్ధం కూడా.

తిరగరాసినప్పుడు అది ఇలా వచ్చింది:

"3వ పట్టికలో ఒక్కో బృందంలో ముందు, తర్వాత మార్కుల పోలిక విడివిడిగా ఉంది. కొత్త పద్ధతి మెరుగైనదని చెప్పాలంటే రెండు బృందాల పెరుగుదలను నేరుగా ఒకదానితో ఒకటి పోల్చాలి. ఆ పోలిక నాకు కనిపించలేదు. పట్టిక ప్రకారం తేడా 1 మార్కు. ఈ తేడాకు 95 శాతం విశ్వాస అంతరం ఇవ్వడం తప్పనిసరి. అందులో సున్నా కూడా ఉంటే, సారాంశంలోనూ ముగింపులోనూ ఉన్న వాక్యాలను సవరించాలి. ఇందుకు కొత్త డేటా అక్కరలేదు. ముందు పరీక్ష మార్కులను లెక్కలోకి తీసుకునే విశ్లేషణ చేస్తే ఇంకా మంచిది, కానీ అది రచయితల ఇష్టం."

ఇందులో పట్టిక ఉంది, పోలిక ఉంది, ముగింపు ఉంది. రచయితల తెలివి గురించి ఒక్క మాట లేదు. అలాగని తప్పు చిన్నదైపోలేదు. చదివిన మనిషి ఏ పేజీ తెరవాలో, ఏ లెక్క వేయాలో, ఫలితం ఎటు వస్తే ఏ వాక్యం మార్చాలో అందులోనే ఉంది.

"కనిపించలేదు" అన్న మాటను కావాలనే వాడాను. వేరే పత్రానికి ఒకసారి "ఈ పరీక్ష చేయలేదు" అని గట్టిగా రాస్తే, అది అనుబంధంలో ఉందని రచయితలు పేజీ సంఖ్యతో సహా చూపించారు. నాకు తెలిసినది నాకు కనిపించలేదన్నంత వరకే.

మీరు భయపడుతున్న మెత్తదనం సంగతి. "ఈ అంశాన్ని పరిశీలిస్తే బాగుంటుందేమో" అని నేనూ రాశాను. "సూచనకు కృతజ్ఞతలు" అని జవాబు వచ్చింది, పత్రంలో అక్షరం మారలేదు. వాళ్ల తప్పు కాదు, నేను దాన్ని సూచనగానే రాశాను మరి. అప్పటినుంచి ప్రతి వ్యాఖ్యలోనూ తప్పనిసరా, ఐచ్ఛికమా అన్నది విడిగా చెబుతాను. ఆ ఒక్క మాట ఉంటే మిగతా వాక్యం ఎంత మర్యాదగా ఉన్నా బరువు తగ్గదు.

భాష గురించి రాసేటప్పుడు మరీ జాగ్రత్త. "ఇంగ్లీషు మాతృభాష అయినవారి చేత దిద్దించండి" అనేది పత్రం మీద వ్యాఖ్య కాదు, రచయితలు ఎవరై ఉంటారోనన్న ఊహ. దాని బదులు "112వ పంక్తిలో 'వారు' అన్నది విద్యార్థులనా, ఉపాధ్యాయులనా?" అని అడిగితే అర నిమిషంలో సరిచేసుకుంటారు.

సంపాదకులకు మాత్రమే కనిపించే పెట్టె ఒకటి ఉంటుంది. రచయితలకు "చిన్న సవరణలు చాలు" అని రాసి, అక్కడ "తిరస్కరించండి" అని రాయకండి. నిర్ణయం చూసిన రచయితలకు మీ సమీక్షతో దానికి పొంతన దొరకదు.

ఆ బోధన పత్రం రెండోసారి నా దగ్గరకే వచ్చింది. తేడాకు విశ్వాస అంతరం సుమారు మైనస్ 5 నుంచి 7 మార్కుల వరకు ఉంది. శీర్షికలో "మెరుగైన" అన్న మాటను రచయితలే తీసేశారు, నేను అడగకుండానే.